ఆటలోని నేలకు నదులు ఎలా వస్తాయి

కంప్యూటర్ ఆటల్లో ఆటగాడు ఊరి నుంచి ఊరికి, కోట నుంచి గుహకు నడిచి వెళ్లే పెద్ద పటాన్ని ఓవర్‌వరల్డ్ మ్యాప్ అంటారు. అందులో సముద్రం ఉంటుంది, కొండలు ఉంటాయి, అడవులు, ఎడారులు, నదులు ఉంటాయి. ఒకప్పుడు దీన్ని చిత్రకారులు గడి గడీ చేత్తో నింపేవారు. ఇప్పుడు చాలా ఆటల్లో ప్రోగ్రామే తయారు చేస్తుంది. ఒక సంఖ్య ఇస్తే ఒక ప్రపంచం వస్తుంది. ఆ సంఖ్యను సీడ్ అంటారు. సీడ్ మారిస్తే ప్రపంచం మారుతుంది. అదే సీడ్ మళ్లీ ఇస్తే అదే ప్రపంచం మళ్లీ వస్తుంది.

ఇందులో కొండలు తేలిగ్గానే వస్తాయి. అడవులూ వస్తాయి. చిక్కంతా నదుల దగ్గరే. కొండ ఆకారం కాస్త అటూ ఇటూ అయినా చూసేవాడికి తేడా తెలియదు. నది ఎగువకు పారితే మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం నదుల గురించే. ముందు నేల ఎలా వస్తుందో చూసి, తరువాత నీళ్ల దగ్గరికి వెళ్దాం.

నేలకు ఆధారం నాయిస్. కెన్ పెర్లిన్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1982లో వచ్చిన ట్రాన్ అనే సినిమాకు పనిచేశారు. కంప్యూటర్ గీసిన ఉపరితలాలు మరీ నున్నగా, యంత్రం చేసినట్టుగా కనిపించడం ఆయనకు నచ్చలేదు. 1983లో ఒక పద్ధతి కనిపెట్టారు. 1985లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు. 1997లో దానికి ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. ఆ పద్ధతినే ఇప్పుడు పెర్లిన్ నాయిస్ అంటున్నారు.

అది పనిచేసే తీరు ఇది. నేలంతా గళ్లు గీసినట్టు ఊహించుకోండి. గీతలు కలిసే ప్రతి మూలకూ ప్రోగ్రాము ఏదో ఒక దిశను కేటాయిస్తుంది. ఒక మూల దగ్గర నేల తూర్పుకు ఎక్కుతుంది, పడమటికి దిగుతుంది. పక్క మూల దగ్గర ఉత్తరానికి ఎక్కుతుంది. మధ్యలో ఉన్న చోట్లకు నాలుగు మూలల ప్రభావాన్నీ మెత్తగా కలుపుతుంది. దిశలు ఎలా పడతాయో ముందుగా చెప్పలేం. కానీ ఒక చోటి నుంచి పక్క చోటికి వెళ్లేటప్పుడు ఎత్తు ఒక్కసారిగా ఎగరదు. అలల్లా లేస్తుంది, అలల్లా దిగుతుంది.

అయితే ఒక్క నాయిస్ సరిపోదు. దానిలో గుట్టలన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. అసలు నేల అలా ఉండదు. పెద్ద కొండ మీద చిన్న గుట్ట, దాని మీద దిబ్బ, దాని మీద రాళ్లు ఉంటాయి. అందుకే పొరలు వేస్తారు. మొదటి పొరలో గుట్టలు పెద్దవి, దూరదూరంగా ఉంటాయి. రెండో పొరలో దూరం సగం, ఎత్తూ సగం. మూడో పొరలో మళ్లీ సగం, మళ్లీ సగం. ఒక్కో పొరను ఆక్టేవ్ అంటారు. అన్నీ కూడితే నేల వస్తుంది.

ఒక పటాన్ని తీసుకుని లెక్క చూద్దాం. అడ్డంగా 512 గడులు, నిలువుగా 512 గడులు. ఒక గడి అంటే ఒక కిలోమీటరు. మొత్తం రెండు లక్షల అరవై రెండు వేల గడులు. మొదటి పొరలో ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి 256 గడుల దూరం, శిఖరానికీ లోయకూ 200 మీటర్ల తేడా. రెండో పొరలో 128 గడులు, 100 మీటర్లు. మూడో పొరలో 64 గడులు, 50 మీటర్లు. ఇలా ఆరు పొరలు వేస్తే ఆఖరి పొరలో 8 గడుల దూరం, 6 మీటర్ల తేడా మిగులుతాయి. అంతకంటే సన్నని పొరలు ఈ పటంలో కంటికి ఆనవు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మొదటి పొరలో శిఖరం నుంచి లోయకు దూరం 128 గడులు. దిగేది 200 మీటర్లు. అంటే గడికి సుమారు ఒకటిన్నర మీటరు. రెండో పొరలో 64 గడుల్లో 100 మీటర్లు. అది కూడా గడికి ఒకటిన్నర మీటరే. మూడో పొరా అంతే, ఆరో పొరా అంతే. దూరంతో పాటే ఎత్తూ సగమవుతోంది కాబట్టి వాలు మారడం లేదు. అంటే చిన్న పొరను చిన్నదే కదా అని తీసిపారేయడానికి లేదు. నీటిని మళ్లించే బలం దానికీ పెద్ద పొరతో సమానంగానే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు ఈ నేల మీద నది గీయాలి. తొందరపడే ప్రోగ్రామరు ఏం చేస్తాడు? ఒక ఎత్తైన గడిని ఎంచుకుంటాడు. పక్కనున్న ఎనిమిది గడుల్లో అన్నిటికంటే పల్లంగా ఉన్నదానికి వెళ్తాడు. అక్కడి నుంచి మళ్లీ పల్లానికి. నీరు చేసేది ఇదే కదా అనుకుంటాడు. కానీ పది ఇరవై గడులు పోయేసరికి నది ఆగిపోతుంది. చుట్టూ ఎనిమిది గడులూ ఎత్తుగా ఉన్న గుంటలో పడుతుంది. పడ్డాక బయటికి దారి ఉండదు. నాయిస్ నేలలో ఇలాంటి గుంటలు వందలకొద్దీ ఉంటాయి. నాయిస్‌కు నీటి సంగతి తెలియదు మరి. అసలు నేలను వేల ఏళ్లుగా వాన కోసింది, మట్టి పూడ్చింది. కొన్ని చెరువులు, సరస్సులు తప్ప అక్కడ మూసుకుపోయిన గుంటలు తక్కువ.

ఈ సమస్య డాబా మీద కళ్లారా కనిపిస్తుంది. డాబా వేసేటప్పుడు మేస్త్రీ నీళ్లు గొట్టం వైపు పోయేలా వాటం ఇస్తాడు. ఎంత బాగా ఇచ్చినా అక్కడక్కడా చిన్న పల్లాలు మిగిలిపోతాయి. వాన కురిసిన కాసేపటికి ముందు ఆ పల్లాలు నిండుతాయి. నిండాక, గట్టు ఎక్కడ అన్నిటికంటే తక్కువగా ఉందో అక్కడి నుంచి పొర్లుతుంది. పొర్లిన నీరు తరువాతి పల్లంలో పడుతుంది. అదీ నిండి పొర్లుతుంది. చివరికి గొట్టం దగ్గరికి చేరుతుంది. పటానికి కావలసినవి కూడా సరిగ్గా ఈ రెండే. మొదటిది వాటం. రెండోది గుంటలు నింపి పొర్లించడం.

ముందు వాటం సంగతి. ఉత్త నాయిస్‌తో చేసిన ఖండంలో మొత్తంగా ఏ వైపుకూ వాలు ఉండదు. మధ్యలో నాలుగైదు గుట్టలు, చుట్టూ సముద్రం. ప్రతి గుట్ట నుంచీ నీరు దగ్గరి ఒడ్డుకు దిగిపోతుంది. నదులన్నీ పొట్టిగా, ఒకే పొడవులో, చుట్టూ గీసిన గీతల్లా వస్తాయి. అలాంటి పటం ఎన్నిసార్లు వేసినా బొమ్మలాగే ఉంటుంది.

అసలు పెద్ద నదులు ఎలా పారుతున్నాయో చూడండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అక్కడికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా అటు పోదు. తూర్పుకు తిరిగి 1465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణా అంతే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, పక్కనున్న సముద్రాన్ని వదిలి, దాదాపు 1400 కిలోమీటర్లు తూర్పుకు వస్తుంది. కారణం వాటం. దక్కన్ పీఠభూమి పడమట ఎత్తుగా లేచి, తూర్పుకు మెల్లగా వాలి ఉంది. పడమటి కనుమలు దాని ఎత్తైన అంచు.

మన పటానికీ అదే ఇద్దాం. పడమటి అంచున 60 గడులు సముద్రం. ఆ తరువాత 40 గడుల్లో నేల సున్నా నుంచి 1000 మీటర్లకు ఎక్కుతుంది. అక్కడి నుంచి 350 గడుల పాటు మెల్లగా దిగి తూర్పు సముద్రంలో మునుగుతుంది. అంటే తూర్పుకు గడికి దాదాపు మూడు మీటర్ల వాలు. ఈ వాలు నేలకు ఇందాకటి ఆరు పొరల నాయిస్‌ను కలపాలి. ఒక పొర వాలు ఒకటిన్నర మీటరు. వాటం మూడు మీటర్లు. ఒక్క పొర వాటాన్ని ఓడించలేదు. రెండు మూడు పొరలు ఒకేచోట ఎదురు తిరిగితే మాత్రం ఓడిస్తాయి. అక్కడ నది వంక తిరుగుతుంది, లేదా గుంట పడుతుంది. మొత్తంగా తూర్పుకే పోతూ, దారిలో మెలికలు తిరగడం అలా వస్తుంది. వాటం మరీ పెంచితే నదులన్నీ దువ్వినట్టు తిన్నగా పారతాయి. మరీ తగ్గిస్తే ఎటు పోవాలో తెలియక పొట్టిగా మిగిలిపోతాయి. పటం అందం చాలావరకు ఈ రెండిటి నిష్పత్తిలోనే ఉంది.

ఇప్పుడు గుంటలు నింపడం. డాబా మీద వాన పైనుంచి పడుతుంది. ప్రోగ్రాములో మాత్రం పని వెనక నుంచి, అంటే సముద్రం నుంచి మొదలుపెడితే సులువు. ఈ పద్ధతిని ప్రయారిటీ ఫ్లడ్ అంటారు. ముందుగా సముద్రపు గడులన్నిటినీ, పటం అంచు గడులన్నిటినీ ఒక వరుసలో పెడతారు. ఆ వరుసలో నుంచి ఎప్పుడూ అన్నిటికంటే తక్కువ ఎత్తున్న గడినే బయటికి తీస్తారు. దాని పొరుగు గడులను చూస్తారు. పొరుగు గడి ఎత్తుగా ఉంటే అలాగే వరుసలో చేరుస్తారు. పల్లంగా ఉంటే అది గుంట. దాని నీటి మట్టాన్ని ఇప్పుడు తీసిన గడి ఎత్తుకు పెంచి వరుసలో చేరుస్తారు. ఏ గడి కూడా రెండోసారి రాదు. వరుస ఖాళీ అయ్యేసరికి పటంలో గుంట అనేది మిగలదు.

ఉదాహరణకు ఒక గుంట అడుగు 340 మీటర్లు. చుట్టూ ఉన్న గట్టు కొన్నిచోట్ల 370, కొన్నిచోట్ల 360. ఒక్కచోట మాత్రం 352. సముద్రం నుంచి ఎగబాకుతూ వచ్చిన లెక్క ముందుగా ఆ 352 గడినే దాటుతుంది. ఎందుకంటే వరుసలో అదే తక్కువ. కాబట్టి గుంటలోని గడులన్నిటి నీటి మట్టమూ 352 అవుతుంది. 340 నుంచి 352 దాకా, అంటే 12 మీటర్ల లోతు నీరు. అలుగు పారే చోటు 352 గడి. ఏ గడిని దాటి లోపలికి వచ్చామో గుర్తు పెట్టుకుంటే చాలు. నీరు బయటికి పోయే దారి కూడా అదే.

నింపిన గుంటలన్నిటినీ సరస్సులుగా చూపిస్తే పటం నిండా మచ్చలు పడతాయి. అందుకని రెండు మూడు మీటర్ల లోతున్న వాటిని మట్టితో పూడినట్టే లెక్కవేసి నేలగా ఉంచేస్తారు. లోతుగా, వెడల్పుగా ఉన్న నాలుగైదింటిని మాత్రం సరస్సులుగా వదులుతారు. ఎన్ని ఉంచాలన్నది చేసేవారి ఇష్టం. తక్కువ ఉంచితేనే పటం బాగుంటుంది.

ఇంతవరకూ రెండు పనులయ్యాయి. నేలకు వాటం ఇచ్చాం. గుంటలు నింపాం. ఇప్పుడు ప్రతి గడికీ నీరు ఏ పక్కకు పోతుందో తేల్చాలి. ఎనిమిది పొరుగు గడుల్లో ఎక్కువ వాలున్న దాన్ని ఎంచుకోవాలి. ఎక్కువ పల్లాన్ని కాదు, ఎక్కువ వాలును. ఈ తేడా ముఖ్యం. ఒక గడి ఎత్తు 100 అనుకోండి. తూర్పు గడి 97. ఆగ్నేయ గడి 96. పల్లం చూస్తే ఆగ్నేయమే. కానీ ఆగ్నేయానికి దూరం మూలమూలగా కొలవాలి. అది ఒకటి కాదు, ఒకటి పాయింట్ నాలుగు. నాలుగు మీటర్ల దిగుడును ఒకటి పాయింట్ నాలుగుతో భాగిస్తే సుమారు 2.8 వస్తుంది. తూర్పుకు వాలు 3. కాబట్టి నీరు తూర్పుకే పోవాలి. ఈ భాగహారం మరిచిపోతే నదులు అవసరం లేని చోట కూడా మూలమూలగా పరిగెడతాయి. పటంలో మూలవాటు గీతలు ఎక్కువగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

గుంట నింపిన చోట వాలు ఉండదు. అక్కడ ఇందాక గుర్తు పెట్టుకున్న దారినే వాడతారు. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ సమతలంలో నీటి దారులు పక్కపక్కన సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు వస్తాయి. ఒకే మట్టంలో ఉన్న గడులను వరుసలో నుంచి తీసేటప్పుడు వచ్చిన క్రమంలో కాకుండా కలగలిపి తీస్తే ఆ గీతలు చెదిరిపోయి సహజంగా వంకర తిరుగుతాయి.

దారి తెలిసింది. ఇక నీటిని కూడాలి. ప్రయారిటీ ఫ్లడ్‌లో గడులు బయటికి వచ్చిన క్రమాన్ని తిరగేస్తారు. అంటే ఎత్తైన గడి నుంచి మొదలుపెడతారు. ప్రతి గడీ తన మీద పడ్డ వానను, పైనుంచి వచ్చిన నీటిని కలిపి కింది గడికి ఇచ్చేస్తుంది. అలా ఒక్కో గడిలో ఎంత నీరు చేరిందో తెలుస్తుంది. అదే పరీవాహక ప్రాంతం లెక్క. రెండు వందల గడుల నీరు చేరిన చోట నుంచి పటం మీద నీలి గీత మొదలుపెట్టవచ్చు. అంతకు తక్కువైతే వాగు. వాగులన్నీ గీస్తే పటం కనిపించదు.

ఇక్కడ ఉపనదులను విడిగా గీయనక్కర్లేదు. అవే వచ్చి కలుస్తాయి. కిందికి పోయేకొద్దీ నదులు కలుస్తాయే గాని చీలవు. ప్రతి గడికీ ఒకే దారి ఇచ్చాం కాబట్టి చీలడానికి వీలు లేదు. నిజమైన నదులూ పైన సాధారణంగా అంతే. చీలేది డెల్టాలో. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయినట్టు. పటంలో డెల్టా కావాలంటే పెద్ద నది సముద్రానికి చేరే చివరి కొన్ని గడుల్లో ప్రత్యేకంగా కల్పించాలి.

గీత వెడల్పు విషయంలో కూడా ప్రకృతికి ఒక లెక్క ఉంది. నీటి పరిమాణానికి వర్గమూలం కట్టినట్టుగా వెడల్పు పెరుగుతుంది. నీరు నూరు రెట్లయితే వెడల్పు పది రెట్లవుతుంది. 400 గడుల నీరున్న ఏరు రెండు పిక్సెళ్ల వెడల్పు ఉంటే, 40,000 గడుల నది ఇరవై పిక్సెళ్లు ఉండాలి. ఈ లెక్క లేకుండా నీటితో సమానంగా వెడల్పు పెంచితే ముఖద్వారం దగ్గర నది సముద్రంలా పరుచుకుంటుంది. అసలు పెంచకపోతే కొండ మీద మొదలైన సన్నని గీతే సముద్రం దాకా సాగుతుంది. రెండూ చూడగానే కృత్రిమం అని తెలుస్తాయి.

నదులు వచ్చాయి గాని ఇంకా నేల మీద అతికించినట్టే ఉంటాయి. చుట్టూ గుట్టలకు నదితో సంబంధం ఉండదు. నది ఉన్న చోట లోయ ఉండాలి. అందుకని కోత వేస్తారు. నీరు ఎక్కువగా, వాలు ఎక్కువగా ఉన్న గడిని ఎక్కువ కోయాలి. నీటి వర్గమూలాన్ని వాలుతో గుణించి, ఒక చిన్న సంఖ్యతో తగ్గిస్తే ఎన్ని మీటర్లు కోయాలో వస్తుంది. భూస్వరూప శాస్త్రవేత్తలు నిజమైన లోయలకు వాడే లెక్క కూడా ఇలాంటిదే. కోత సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి ఎగువకు పోవాలి. ఏ గడినీ దాని దిగువ గడి కంటే పల్లంగా కోయకూడదు. కోస్తే మళ్లీ గుంట పడుతుంది. ఒకసారి కోశాక గుంటలు నింపడం, దారి తేల్చడం, నీరు కూడడం మళ్లీ చేయాలి. ఇలా కొన్ని పదులసార్లు తిప్పితే నదికి రెండు వైపులా లోయలు, మధ్యలో గట్లు తీరుతాయి. గోదావరి పాపికొండల నడుమ ఇరుకుగా పారే లాంటి చోట్లు కూడా ఇందులోంచే పుడతాయి.

ఇక వాన, ఉష్ణోగ్రత, అడవులు. నీరు కూడడానికి ముందే వాన తెలియాలి. ఎందుకంటే ప్రతి గడి మీదా ఒకే వాన పడదు. కొందరు వానకు కూడా విడిగా ఒక నాయిస్ వేస్తారు. అప్పుడు కొండకు ఏ వైపున తడి పడుతుందో చెప్పలేం. గాలిని నడిపిస్తే ఇంకా బాగుంటుంది. పడమటి సముద్రం నుంచి ప్రతి అడ్డ వరుసలోనూ నూరు వంతుల తేమతో గాలి బయలుదేరుతుందనుకోండి. చదును నేల మీద ప్రతి గడిలోనూ తన దగ్గరున్న తేమలో వెయ్యికి నాలుగు వంతులు వానగా వదులుతుంది. కొండ ఎక్కేటప్పుడు, అంటే ప్రతి గడికీ 25 మీటర్లు లేచే చోట, వెయ్యికి 24 వంతులు వదులుతుంది.

నలభై గడుల కనుమ ఎక్కేసరికి గాలిలో 38 వంతులే మిగులుతాయి. కనుమ మీద ఒక్కో గడికి సగటున ఒకటిన్నర వంతు వాన పడింది. దాటాక ఒక్కో గడికి పడేది దాదాపు 0.15 వంతు. అంటే పదో వంతు. ఇది ఊహ కాదు. మహాబలేశ్వరంలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కనుమల వెనక నీడలో పడ్డ అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లే. అదే నిష్పత్తి పటంలోకి వచ్చింది. తూర్పు తీరానికి వాన కావాలంటే తూర్పు సముద్రం నుంచి ఇంకో గాలిని, కాస్త తక్కువ బలంతో, ఎదురు దిశలో నడిపి రెండు వానలూ కూడాలి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాకు చేసేది అదే.

ఈ పద్ధతిలో ఒక లోపం తప్పక కనిపిస్తుంది. ప్రతి వరుసా విడిగా నడిచింది కాబట్టి ఒక వరుసలో ఎత్తైన శిఖరం ఉంటే దాని వెనకంతా పొడి చార పడుతుంది. పటం మీద అడ్డ గీతల చీరలా కనిపిస్తుంది. ప్రతి గడి దగ్గరా పై వరుస, కింది వరుసల తేమను కొంచెం కొంచెం కలుపుతూ పోతే చారలు కరిగిపోతాయి.

వాన తెలిసింది. ఉష్ణోగ్రతకు అక్షాంశం ఒకటి, ఎత్తు ఒకటి చాలు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సముద్రపు ఒడ్డున 28 డిగ్రీలుంటే 900 మీటర్ల మీద 22 డిగ్రీలు ఉంటుంది.

ఈ రెండూ తెలిస్తే అక్కడ ఏం పెరుగుతుందో చెప్పవచ్చు. ఏ రకం అడవి, ఏ రకం గడ్డి, ఏ రకం ఎడారి అనేదాన్ని బయోమ్ అంటారు. రాబర్ట్ విట్టకర్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త ఉష్ణోగ్రతను ఒక వైపు, వానను ఇంకో వైపు పెట్టి బయోమ్‌లను ఒక పటంగా గీశారు. ఆటలు చేసేవారు దాన్నే వాడుకుంటారు. వెచ్చని నేలలో రెండు వేల మిల్లీమీటర్లు దాటితే ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి. వెయ్యి దాటితే ఆకురాల్చే అడవి. ఐదు వందల దగ్గర ముళ్ల పొదలు, గడ్డి. రెండు వందల యాభై లోపు ఎడారి. వానా ఉష్ణోగ్రతా మెల్లగా మారతాయి కాబట్టి దట్టమైన అడవి పక్కనే ఎడారి పడదు. మధ్యలో రావలసినవి వాటంతట అవే వస్తాయి.

సరిహద్దులు మాత్రం కత్తితో కోసినట్టు వస్తాయి. వెయ్యి మిల్లీమీటర్లకు ఇటు ఒక రంగు, అటు ఒక రంగు. చూసే ముందు వాన లెక్కకు యాభై మిల్లీమీటర్ల చిన్న నాయిస్ కలిపితే అంచు చెదిరి, అడవి గడ్డిలోకి, గడ్డి అడవిలోకి చొచ్చుకుపోతుంది. నది పక్క గడులకు కూడా కొంత తేమ చేర్చాలి. వాన తక్కువైనా నది ఒడ్డు పచ్చగానే ఉంటుంది కదా. నదిని ముందు లెక్కవేయడం వల్ల కలిగే లాభాల్లో ఇదొకటి. మొత్తం వరుస ఇంకోసారి: ముందు ఎత్తు, తరువాత వాన, తరువాత నది, కోత, చివర బయోమ్. బయోమ్ ముందు వేసి నది తరువాత గీస్తే ఎడారి మధ్యలో ఏ పచ్చదనమూ లేని నది మిగులుతుంది.

పటం సరిగ్గా వచ్చిందో లేదో కంటితో చూసే ముందు ఒక లెక్క చూడాలి. ప్రతి నేల గడి మీదా ఒక వంతు వాన పడిందనుకుని నీరు కూడండి. సముద్రంలోకీ, పటం అంచు బయటికీ చేరిన నీరంతా కలిపితే నేల గడుల సంఖ్యకు సరిగ్గా సమానం కావాలి. ఒక్కటి తగ్గినా ఎక్కడో గుంట మిగిలింది, లేదా రెండు గడులు ఒకదానికొకటి నీరు ఇచ్చుకుంటూ తిరుగుతున్నాయి. ఈ లెక్క కుదిరాకే రంగులు వేయాలి. రంగులు వేశాక తప్పు వెతకడం కష్టం.

ఈ పద్ధతికి ఒక పెద్ద హద్దు ఉంది. నది తెలియాలంటే పటం మొత్తం ఒకేసారి చేతిలో ఉండాలి. ముఖద్వారం దగ్గర ఎంత నీరుంటుందో వందల కిలోమీటర్ల ఎగువన పడ్డ వానను బట్టే తెలుస్తుంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఆట ఆట మొదలవకముందే ప్రపంచాన్నంతా తయారు చేసుకుంటుంది. కాబట్టి అక్కడ నదులు కొండల్లో పుట్టి దిగువకు పారతాయి. మైన్‌క్రాఫ్ట్ అలా కాదు. ఆటగాడు నడిచేకొద్దీ 16 గడుల వెడల్పు, 16 గడుల పొడవున్న ముక్కలుగా నేల పుడుతుంది. ఎగువన ఉన్న నేలనంతా ముందుగా లెక్కవేసే వీలు లేదు. అందుకే అక్కడి నదులు కూడా నాయిస్‌తో గీసినవే. అవి ఎత్తు నుంచి దిగవు. సముద్ర మట్టంలోనే, కదలని నీటితో ఉంటాయి.

అంతు లేని నేలా కావాలి, పారే నదీ కావాలి అనుకునేవారు రెండు అంచెల్లో చేస్తారు. ముందు ఇందాకటిలా కిలోమీటరుకు ఒక గడి చొప్పున ఒక పెద్ద ప్రాంతాన్ని లెక్కవేసి, నది ఏ గడి అంచును ఎక్కడ దాటుతుందో, అక్కడ ఎత్తెంతో రాసి పెడతారు. ఆటగాడు ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు దాని లోపలి సన్నని నేలను నాయిస్‌తో నింపుతారు. రెండు పక్క గడులూ ఒకే అంచు బిందువును వాడతాయి కాబట్టి నది తెగదు. నది గీతకు దగ్గరయ్యేకొద్దీ నాయిస్ బలాన్ని సున్నాకు తగ్గించాలి. అలా చేయకపోతే లోపలి చిన్న గుట్ట ఒకటి లేచి నదికి అడ్డం పడుతుంది.